పెట్ జార్లు మన షెడ్డులోనే చేసుకోవాలా, బయట కొనాలా? పచ్చళ్ల యూనిట్ లెక్క చూడగలరా

తెనాలి పచ్చళ్లు

అందరికీ నమస్కారం. మాది చిన్న పచ్చళ్ల యూనిట్. అరకిలో జార్లను ఏడేళ్లుగా మేమే తయారు చేసుకుంటున్నాం. ప్రీఫామ్‌లనే చిన్న ప్లాస్టిక్ గొట్టాలు కొని, వేడి చేసి, గాలితో ఊది జారు చేసే సెమీ ఆటోమేటిక్ మిషను, దానికి పెద్ద కంప్రెసర్ ఉన్నాయి. మామూలు నెలలో 60,000 జార్లు వాడతాం. ఇప్పుడు ఒక సరఫరాదారు జారు 6.90 రూపాయలకు మా గుమ్మం ముందు దింపుతానంటున్నాడు.

మా లెక్కలాయన రాసిచ్చిన ప్రకారం మాకు ఒక్కో జారుకు పడుతున్నది ఇది. ప్రీఫామ్ 4.80, కరెంటు 0.70, కూలీ 0.30, ఆపరేటర్ జీతం 0.40, షెడ్డు అద్దె వాటా 0.50, మిషను తరుగుదల 0.60, కంప్రెసర్ నిర్వహణ ఒప్పందం 0.10, ఆఫీసు ఖర్చుల వాటా 0.50. మొత్తం 7.90. అంటే జారుకు రూపాయి, నెలకు 60,000 మిగులుతుందని ఆయన అంటున్నారు. పైగా పక్క షెడ్డు వారు ఆ స్థలం తమకిస్తే నెలకు 45,000 అద్దె ఇస్తామన్నారు. మా వారు మిషను అమ్మేద్దామని తొందరపడుతున్నారు. నాకు మాత్రం ఈ రూపాయి ఎక్కడి నుంచి వస్తోందో అంతు పట్టడం లేదు.

సీఎంఏ ఇంటర్ విద్యార్థి

ఇది మా పరీక్షల్లో తప్పకుండా వచ్చే ప్రశ్న అండీ. స్థిర ఖర్చులన్నీ కొట్టేయండి, అవి ఎలాగూ ఉంటాయి. మారే ఖర్చులు మాత్రమే చూడాలి. 4.80, 0.70, 0.30 కలిపితే 5.80. బయట ధర 6.90. కాబట్టి జారుకు 1.10 చొప్పున సొంత తయారీయే చవక. నెలకు 66,000 తేడా. ఇంతే.

గోదావరి గట్టు

అమ్మా, కొత్త మిషను కొనాలనుకుంటే సబ్సిడీ సంగతి కనుక్కోండి. చిన్న ఆహార శుద్ధి యూనిట్లకు కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకం కింద ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు సబ్సిడీ ఇస్తూ వచ్చారు. బ్యాంకు రుణంతో ముడిపెట్టి ఇచ్చేవారు. ఇప్పుడు ఉందో లేదో జిల్లా అధికారులను అడిగి చూడండి.

తెనాలి పచ్చళ్లు

గోదావరి గట్టు గారూ, ధన్యవాదాలు. మిషను ఇప్పటికే ఉంది, అప్పు కూడా తీరిపోయింది. ఉన్నదాన్ని నడపాలా, ఆపాలా అన్నదే మా సందేహం.

పద్దు పుస్తకం

నేను ముప్పై ఏళ్లుగా ఫ్యాక్టరీల్లో ఖర్చుల లెక్కలు చూస్తున్నాను. మీ లెక్కలాయన కూడికలో పొరపాటేమీ లేదు. కానీ ఆయన వేసింది జారు విలువ ఎంత అన్న లెక్క. సంవత్సరాంతంలో సరుకు విలువ కట్టడానికి అది పనికొస్తుంది. మీరు అడుగుతున్నది వేరు: రేపటి నుంచి మిషను ఆపేస్తే మీ బ్యాంకు ఖాతా నుంచి ఏయే చెల్లింపులు ఆగిపోతాయి?

ఒక్కొక్కటే చూద్దాం. తరుగుదల 0.60 ఏడేళ్ల కిందట ఇచ్చేసిన డబ్బు. మిషను ఆపినా అది వెనక్కి రాదు. ఆఫీసు ఖర్చుల వాటా 0.50 కూడా అంతే. జార్లు చేయడం మానేశారని మీ గుమాస్తా జీతం తగ్గదు, ఆ 30,000 మామిడికాయ ముక్కల మీదకో, గోంగూర మీదకో బదిలీ అవుతుంది. షెడ్డు అద్దె వాటా 0.50 సంగతి కూడా ఇలాంటిదే. షెడ్డు మొత్తానికి మీ ఒప్పందం ఉన్నంత కాలం యజమానికి పూర్తి అద్దె కట్టాల్సిందే. ఈ మూడూ కలిపితే 1.60. మీకు అంతు పట్టని ఆ రూపాయి ఇక్కడి నుంచే వచ్చింది.

విద్యార్థి తమ్ముడు చెప్పింది సగం వరకు సరే. స్థిర ఖర్చులన్నీ ఒక గాటన కట్టకూడదు. కంప్రెసర్ ఒప్పందం 6,000 మిషను ఆపగానే ఆగిపోతుంది. ఆపరేటర్ జీతం 24,000 ఆగుతుందా లేదా అన్నది ఆ మనిషి ఏమవుతాడు అన్నదాన్ని బట్టి ఉంటుంది. అది మీరే చెప్పాలి.

సీఎంఏ ఇంటర్ విద్యార్థి

సార్, మరి స్థిరం అంటే ఉత్పత్తితో మారనిదే కదా? ఆపరేటర్ జీతం 40,000 జార్లకైనా, 60,000 జార్లకైనా ఒకటే.

పద్దు పుస్తకం

జార్ల సంఖ్యతో మారదు తమ్ముడూ, నిజమే. కానీ ఆ విభాగమే లేకపోతే మాయమవుతుంది. ప్రశ్న పది వేల జార్లు ఎక్కువా తక్కువా అని కాదు, విభాగం ఉండాలా వద్దా అని. కనుక విభాగంతో పాటు పోయే జీతాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

కాకినాడ టిఫిన్స్

ఈ ఆపరేటర్ విషయంలో మా హోటల్ అనుభవం చెబుతాను. మేం ఇడ్లీ పిండి రుబ్బడం మానేసి బయట నుంచి తెప్పించుకోవడం మొదలుపెట్టాం. రుబ్బే మాస్టారి జీతం మిగులుతుందని కాగితం మీద రాసుకున్నాం. పదిహేనేళ్లుగా ఉన్న మనిషిని పంపడానికి మనసు రాలేదు. ఆయన పార్సిల్ కౌంటర్ దగ్గర కూర్చున్నాడు. కౌంటర్‌కు ఎలాగూ ఒకరిని తీసుకోవాలనుకుంటున్నాం కనుక ఆ మేరకు కలిసొచ్చింది. లేకపోతే పిండి డబ్బూ, జీతం డబ్బూ రెండూ కట్టేవాళ్లం. మీ ఆపరేటర్‌కు వేరే పని ఉందా అమ్మా?

తెనాలి పచ్చళ్లు

మంచి ప్రశ్న అడిగారు. జార్ల మిషను నెలంతా నడవదు. ఆపరేటర్ మిగతా సమయంలో మూతలు సీలు వేసే మిషను, లేబుల్ మిషను చూసుకుంటాడు. అతన్ని పంపిస్తే వాటికి మెకానిక్‌ను పిలవాలి. మా వారు అతన్ని పంపేద్దామంటున్నారు, నాకు ఇష్టం లేదు. ప్రస్తుతానికి వెళ్లిపోతాడనే అనుకుని లెక్క వేయండి.

విద్యుత్ లైను

కరెంటు 0.70 అన్నారు. అది బిల్లు మొత్తాన్ని జార్లతో భాగించి వేసినదా? బిల్లులో వాడిన యూనిట్ల చార్జీ ఒకటి, మంజూరైన లోడుకు కట్టే స్థిర చార్జీ ఇంకొకటి ఉంటాయి. మిషను ఆపితే మొదటిది వెంటనే తగ్గుతుంది. రెండోది లోడు తగ్గించమని దరఖాస్తు పెట్టి, తగ్గిస్తేనే పోతుంది. ఒకసారి లోడు తగ్గించుకున్నాక మళ్లీ పెంచుకోవాలంటే కొత్తగా డిపాజిట్లు, అభివృద్ధి చార్జీలు కట్టాలి. కంప్రెసర్ మోటారు పెద్దది కనుక ఇది చిన్న విషయం కాదు.

తెనాలి పచ్చళ్లు

బిల్లు తీసి చూశాను. మీరన్నట్టే ఉంది. నెలకు 42,000లో ఈ మిషను, కంప్రెసర్ వాటాకు వచ్చే స్థిర చార్జీ దాదాపు 6,000. లోడు తగ్గించుకునే ఉద్దేశం లేదు. మరో లైను ఎప్పుడైనా పెట్టుకోవచ్చు కదా.

పద్దు పుస్తకం

అయితే మారే ఖర్చు జారుకు 5.70. 60,000 జార్లకు 3,42,000. దానికి ఆపరేటర్, కంప్రెసర్ ఒప్పందం 30,000 కలిపితే 3,72,000. బయట కొంటే 4,14,000. అద్దె మాట పక్కన పెడితే, సొంత తయారీ వల్ల నెలకు 42,000 మిగులుతోంది. మీ కాగితం 60,000 నష్టం అని చూపించింది ఇదే మిషను గురించి.

ఇప్పుడు పక్క షెడ్డు వారి 45,000. మీరు జార్లు చేస్తున్నంత కాలం ఆ డబ్బు వదులుకుంటున్నట్టే. ఏ బిల్లులోనూ కనిపించదు కానీ అది సొంత తయారీకి అయ్యే ఖర్చే. దాన్ని కలిపితే తయారీ 3,000 తేడాతో ఓడిపోతుంది. గమనించారా, మీరు కట్టే అద్దెలో వాటా 30,000 లెక్కకు రాదు, మీకు రాగల అద్దె 45,000 వస్తుంది.

తెనాలి పచ్చళ్లు

అంటే చివరికి మా వారి మాటే నెగ్గిందన్నమాట! ఆయనకు ఇది చూపించను.

బాలానగర్ మెషిన్ షాపు

తొందరపడకండి. స్థలం మొత్తం ఖాళీ అవుతుందని ఎవరన్నారు? ప్రీఫామ్‌లు జార్ల కంటే చాలా చిన్నవి, నెల సరుకు ఒక మూలలో ఇమిడిపోతుంది. జార్లు బయట నుంచి వస్తే మీ ఇంటికి వచ్చేది ప్లాస్టిక్ కంటే గాలే ఎక్కువ. రోజూ ఒక బండి రాదు, ఒకేసారి నిండు బండి దింపుతాడు. సీజనులో రెండు వారాల నిల్వ చేతిలో లేకుండా ఏ పచ్చళ్ల యూనిటైనా నిద్రపోగలదా? ఆ బస్తాలు ఎక్కడ పెడతారు?

తెనాలి పచ్చళ్లు

ఆ స్థలం 1,200 చదరపు అడుగులు. సీజను నిల్వకు అందులో మూడో వంతు మేమే ఉంచుకోవాలి. ఎండలో పెడితే జార్లు వంగిపోతాయి కనుక రేకుల పందిరి కింద కుదరదు. పక్కవారిని అడిగితే, మిగిలిన దానికి 30,000 ఇస్తామన్నారు.

పద్దు పుస్తకం

అప్పుడు తయారీ మళ్లీ 12,000తో ముందుంది. కానీ ఈ అంకెల మీద మిషను అమ్మడమో ఉంచడమో చేయకండి. మనం ఇంతసేపూ ఒక మామూలు నెలను చూస్తున్నాం. ఆవకాయ సీజనులో ఎన్ని జార్లు కావాలి? మిషను గంటకు ఎన్ని చేస్తుంది?

తెనాలి పచ్చళ్లు

గంటకు అరకిలో జార్లు 600. ఒక్క షిఫ్టే, నెలకు 208 గంటలు. మామూలు నెలల్లో 100 గంటలు చాలు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూడు నెలలు మాత్రం నెలకు 1,10,000 అరకిలో జార్లు, వాటితో పాటు 24,000 కిలో జార్లు కావాలి. ఏడాదికి సరిపడా కొనేవాళ్లు, అమెరికా పిల్లలకు పంపేవాళ్లు కిలోవే అడుగుతారు. కిలో జారు మౌల్డ్ ఒకటే ఉంది, గంటకు 300 వస్తాయి. అప్పుడు సరిపోక కొన్ని అరకిలో జార్లు ఎక్కువ ధరకైనా బయట కొంటున్నాం. కిలో జార్లు మాత్రం మేమే చేస్తాం, వాటి మీద ఎక్కువ మిగులుతుంది. బయట కొంటే 1.80 ఎక్కువ పడుతుంది, అరకిలోకు 1.20 మాత్రమే.

పద్దు పుస్తకం

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. సీజనులో మీకు కొరత జార్లు కాదు, మిషను గంటలు. అరకిలోకు 183 గంటలు, కిలోకు 80, మొత్తం 263. ఉన్నవి 208. లోటు 55 గంటలు.

ఒక గంట అరకిలో చేస్తే 600 జార్ల మీద 1.20 చొప్పున 720 మిగులుతుంది. అదే గంట కిలో చేస్తే 300 జార్ల మీద 1.80 చొప్పున 540. జారుకు ఎక్కువ మిగిల్చేది కిలో, గంటకు ఎక్కువ మిగిల్చేది అరకిలో. కనుక బయట కొనాల్సింది కిలో జార్లు. 55 గంటల లోటుకు 16,500 కిలో జార్లు కొంటే 29,700 అదనం. మీరు చేస్తున్నట్టు 33,000 అరకిలో జార్లు కొంటే 39,600. నెలకు 9,900 తేడా, మిషను అమ్మడం సంగతి తరవాత తేల్చినా, ఈ సీజనులోనే మిగుల్చుకోవచ్చు.

బాలానగర్ మెషిన్ షాపు

రాత్రి షిఫ్టు పెడితే? 55 గంటలే కదా.

పద్దు పుస్తకం

అదీ చూడవచ్చు. ఓవర్‌టైముకు కూలీ రెట్టింపు ఇవ్వాలి. అరకిలోకు అదనంగా పడేది 30 పైసలు, అంటే గంటకు 180. ఒక గంట అదనంగా నడిపితే 300 కిలో జార్లు బయట కొనడం తప్పుతుంది, అంటే 540 మిగులుతుంది. కూలీ అదనం తీసేసినా 360 ఉంటుంది. ఆపరేటర్‌కు ఓవర్‌టైము, రాత్రి ఇంటికి చేర్చే బండి ఖర్చు ఆ 360 లోపు ఉంటే నడపవచ్చు. ఆ అంకెలు నా దగ్గర లేవు.

తెనాలి పచ్చళ్లు

కూలీకి వచ్చేవాళ్లంతా ఆడవాళ్లు. పొలం పనులు, ఇల్లు చూసుకుని వస్తారు. రాత్రి పని అడగలేను, అడగను కూడా.

పద్దు పుస్తకం

సరే, అది వదిలేద్దాం. ఏడాది లెక్క చూడండి. మామూలు నెలలు తొమ్మిది, నెలకు 42,000 చొప్పున 3,78,000. సీజను నెలలో 1,10,000 అరకిలో జార్ల మీద 1,32,000, మిగిలిన 25 గంటల్లో చేసే 7,500 కిలో జార్ల మీద 13,500. ఆపరేటర్, కంప్రెసర్ 30,000 తీసేస్తే 1,15,500. మూడు నెలలకు 3,46,500. ఏడాదికి సొంత తయారీ వల్ల మిగిలేది 7,24,500.

ఎదురుగా పక్క షెడ్డు అద్దె 3,60,000. స్థలం మొత్తం ఇచ్చినా 5,40,000. ఒక్క మామూలు నెలను చూసి తీర్పు చెప్పి ఉంటే, మొత్తం స్థలానికి అద్దె వచ్చే పక్షంలో 3,000 కోసం సీజనును వదులుకునేవారు.

ఉప్పల్ ఇన్వెస్టర్

మిషనులో ఇరుక్కున్న డబ్బును ఎవరూ పట్టించుకోలేదు. తరుగుదల లెక్కకు రాదన్నారు, బాగుంది. కానీ ఇప్పుడు అమ్మితే ఎంత వస్తుంది?

తెనాలి పచ్చళ్లు

కంప్రెసర్‌తో కలిపి 6 లక్షలకు అడిగారు. వచ్చే ఏడాదికి 5 కూడా రాకపోవచ్చని అమ్మకాలు కుదిర్చే ఆయన అంటున్నారు.

పద్దు పుస్తకం

ఉప్పల్ గారు సరైన చోట పట్టుకున్నారు. పుస్తకంలోని తరుగుదల వేరు, మార్కెట్లో ధర పడిపోవడం వేరు. ఇంకో ఏడాది ఉంచుకుంటే లక్ష పోతుంది. 6 లక్షలకు పది శాతం వడ్డీ అనుకుంటే ఇంకో 60,000. మొత్తం 1,60,000. అది తీసేస్తే 5,64,500. మూడో వంతు స్థలం మీరు ఉంచుకుంటే వచ్చే అద్దె కంటే రెండు లక్షలు ఎక్కువే. స్థలం మొత్తానికి అద్దె వస్తే మాత్రం తేడా 24,500. అంత తక్కువ తేడా ఒక పెద్ద రిపేరుతో తుడిచిపెట్టుకుపోతుంది.

ఉప్పల్ ఇన్వెస్టర్

నేనైతే అమ్మేస్తాను. అద్దె ప్రతి నెలా ఒకటో తారీకున వస్తుంది. మామిడి కాపు ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? సీజను సగం అయితే మీ 3,46,500 ఏమవుతుంది?

పద్దు పుస్తకం

అది న్యాయమైన మాట. మూడు నెలల్లోనూ జార్లు మామూలు నెల స్థాయికి పడిపోతే ఏడాది మొత్తం 5,04,000 అవుతుంది. మిషను ధర తగ్గుదల, వడ్డీ తీస్తే 3,44,000, అంటే 3,60,000 అద్దె కంటే కొంచెం తక్కువ. అంత ఘోరంగా పడిపోతుందా అన్నది ఆ పని చేసేవారే చెప్పాలి. ఆపరేటర్‌ను ఎలాగూ ఉంచుకునేట్టయితే మాత్రం ఏడాదికి 2,88,000 జీతం రెండు వైపులా ఉంటుంది. అప్పుడు మిషను వైపు అంత మొత్తం బలం పెరుగుతుంది, కాపు తప్పినా తీర్పు మారదు. నన్నడిగితే, ముందు ఆ మనిషి విషయం తేల్చండి, అద్దె విషయం తరవాత.

బాలానగర్ మెషిన్ షాపు

మామూలు నెలల్లో 108 గంటలు మిషను ఖాళీగా ఉంటోంది కదా. పక్క ఊళ్లలో తేనె, నెయ్యి అమ్మేవాళ్లకు జార్లు చేసి ఇవ్వవచ్చు. మేం మా ఖాళీ లేత్ మిషన్లను అలాగే నడుపుతున్నాం. ఎంతకైనా ఇవ్వవచ్చు, 5.70 దాటితే లాభమే.

పద్దు పుస్తకం

జూలై నుంచి మార్చి వరకు ఆ మాట నిజం. కానీ తేనె అమ్మేవాడు ఏప్రిల్‌లో కూడా అడుగుతాడు. అప్పుడు అతనికి ఒక గంట ఇస్తే మీరు 300 కిలో జార్లు బయట కొనాలి, 540 పోతుంది. 600 జార్ల మీద పంచితే జారుకు 90 పైసలు. కనుక అదే జారుకు ఆ మూడు నెలల్లో 6.60 కంటే తక్కువ ఒప్పుకోకూడదు. ఏడాదంతా ఒకే ధర రాసి సంతకం పెట్టకండి.

కాకినాడ టిఫిన్స్

అంకెలు సరే, సరుకు సంగతి? ఆ సరఫరాదారు జారుకు మీ మూత సరిపోతుందా?

తెనాలి పచ్చళ్లు

నమూనాలు 200 ఇచ్చాడు. నూనె పోసి, మూత బిగించి, అట్టపెట్టెలో పక్కకు పడుకోబెట్టి రెండు రోజులు ఉంచాం. పదకొండు జార్ల కింద అట్టకు నూనె మరక వచ్చింది. మెడ గుండ్రంగా కాకుండా కొంచెం నొక్కుకుపోయి ఉంది, వేలితో తిప్పి చూస్తే తెలుస్తోంది. మౌల్డ్ సరిచేస్తానన్నాడు. పార్సిల్‌లో ఒక్క జారు కారితే పెట్టెలోని మిగతా లేబుళ్లన్నీ పాడవుతాయి, కొరియరు వాడు వెనక్కి పంపేస్తాడు.

బాలానగర్ మెషిన్ షాపు

మౌల్డ్ ఎవరిదో కూడా అడగండి. వాడిది అయితే రేపు మీ పోటీదారుకు అదే జారు వెళ్తుంది. మీది అయితే, ధర పెంచినప్పుడు తీసుకుని వేరే చోటికి వెళ్లవచ్చు. 6.90 ఎన్ని నెలలకు ఇచ్చిన మాట?

తెనాలి పచ్చళ్లు

మూడు నెలలకు. తరవాత ప్లాస్టిక్ ధరను బట్టి మారుతుందన్నాడు. ప్రీఫామ్ ధర కూడా అలాగే మారుతుంది కనుక అది పెద్ద తేడా కాదేమో.

ఈ సీజనుకు కిలో జార్లు నెలకు 16,500 చొప్పున అతని దగ్గరే తీసుకుంటాం, నూనె పరీక్ష దాటితేనే. అరకిలో మొత్తం మేమే చేస్తాం. పక్క షెడ్డు వారికి జవాబు చెప్పడానికి ఈ నెలాఖరు దాకా గడువుంది. ఆపరేటర్‌తో మా వారు మాట్లాడతామన్నారు. అతను వెళ్తానంటే మెకానిక్‌కు నెలకు ఎంత పడుతుందో కనుక్కుని రాస్తాను, ఆ అంకె పెట్టి పద్దు పుస్తకం గారు మళ్లీ ఒకసారి చూడాలి.

సీఎంఏ ఇంటర్ విద్యార్థి

సార్, ఒక్క సందేహం. మెకానిక్ ఖర్చును ఆపరేటర్ జీతంలోంచి తీసేసి మిగిలినదే ఆదా అనాలా, లేక కొనుగోలు వైపు కలపాలా?

పద్దు పుస్తకం

ఎటు వేసినా తేడా ఒకటే వస్తుంది. రెండు చోట్లా వేయకుండా చూసుకో.